రాత్రిపూట పక్కకి తిరిగి పడుకుని పాలివ్వడం: నిద్రలోకి జారిపోకుండా ఎలా?

బెజవాడ_కొత్తమ్మ
అందరికీ నమస్తే. మా పాపకి ఐదో వారం నడుస్తోంది. నెలలు నిండాకే పుట్టింది, పుట్టినప్పుడు బరువు 2.9 కిలోలు. సిజేరియన్ అయింది. ఇప్పుడు అమ్మ దగ్గర ఉన్నాను. మా వారు హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు వస్తారు.

పగలు కూర్చుని పాలివ్వడం అలవాటైంది. రాత్రే కష్టంగా ఉంది. పాప మూడు నాలుగు సార్లు లేస్తుంది. కూర్చుంటే కుట్ల దగ్గర లాగుతోంది, నడుము పట్టేస్తోంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు "పడుకుని మాత్రం పాలివ్వకు, నిద్రపట్టి బిడ్డ మీద పడతావు" అని గట్టిగా చెప్పారు. ఆ భయంతో మంచం దిగి హాల్లో సోఫాలో వెనక్కి ఆనుకుని ఇస్తున్నాను. రెండు గంటలప్పుడు ఇచ్చే పాలకి కళ్ళు వాటంతటవే మూతలు పడుతున్నాయి. మా పిన్ని కూతురేమో మొదటి నెల నుంచీ పడుకునే ఇచ్చింది, ఏమీ కాలేదంటుంది. ఎవరి మాట వినాలి? పడుకుని ఇస్తే నిద్ర రాకుండా ఏం చెయ్యాలి?

రాజమండ్రి_పెద్దమ్మ
అమ్మాయీ, పడుకుని పాలిస్తే పాలు చెవిలోకి పోయి చీము కారుతుంది. మా కాలంలో ఎంత నిద్రొచ్చినా లేచి గోడకి చేరబడి కూర్చుని ఇచ్చేవాళ్ళం. ఎప్పుడైనా తప్పక పడుకోవాల్సి వస్తే పిల్ల తల కింద ఆవాల దిండు పెట్టు. తల ఎత్తులో ఉంటే పాలు చెవి వైపు రావు.

వార్డు_సిస్టర్
నేను ప్రసూతి వార్డులో చాలా ఏళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రి నుంచే ఆ సోఫా మానెయ్యి.

నీకు చెప్పినవాళ్ళ భయం అబద్ధం కాదు. కానీ ఆ భయంతో నువ్వు వెళ్ళిన చోటు మంచం కన్నా ప్రమాదం. సోఫాలో కూర్చుని నిద్రపోతే చెయ్యి సడలుతుంది. బిడ్డ జారి నీ ఒంటికీ సోఫా చేతికీ మధ్యనో, మెత్తల సందులోనో ముఖం ఆనించి ఇరుక్కుంటుంది. అయిదు వారాల పిల్ల తల తిప్పి ముక్కు విడిపించుకోలేదు, ఏడవడానికి కూడా ఊపిరి అందదు. ఈజీ చైరైనా, వెనక్కి వాలే కుర్చీ అయినా ఇంతే. బిడ్డను పెద్దల పక్కలో పడుకోబెట్టొద్దని చెప్పే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా తన సలహాల్లో ఒక మాట స్పష్టంగా రాసింది. పాలిస్తూ కునుకు పట్టే అవకాశం ఉందనిపిస్తే సోఫా, మెత్తటి చేతుల కుర్చీ కన్నా సరిగ్గా సర్దిన పక్క మీద ఉండటమే తక్కువ ప్రమాదమని.

ఇక నిద్ర రాకుండా ఏం చెయ్యాలని అడిగావు. పూర్తిగా రాకుండా చెయ్యలేవు. బిడ్డ చప్పరిస్తుంటే పాలు దిగడానికి ఊరే హార్మోన్లే తల్లికి మత్తు తెస్తాయి. పట్టుదల ఉంటే ఆగేది కాదు అది. అందుకని నేను వార్డులో ఒకే మాట చెబుతాను: నిద్రపోకుండా ఉండటానికి చెయ్యగలిగినదంతా చెయ్యి, కానీ పక్క మాత్రం నిద్రపోతావనుకునే సర్దుకో.

నువ్వు పడుకునే చోటు ఎలా ఉందో చెప్పు. పరుపేమిటి, గోడ ఎంత దూరం, పక్కన ఎవరు పడుకుంటారు?

బెజవాడ_కొత్తమ్మ
సిస్టర్ గారూ, సోఫా సంగతి నాకు అసలు తెలియదు. అదే మంచిదనుకున్నాను.

పాత టేకు మంచం, దాని మీద బూరుగుదూది పరుపు. మధ్యలో కొంచెం గుంట పడింది. మంచం ఒక వైపు గోడకి ఆనించి ఉంటుంది. పాప కింద పడకుండా గోడ వైపు పడుకోబెట్టి, సందులో దిండ్లు కుక్కుతుంది అమ్మ. పాపకి ఆవాల దిండు కూడా ఉంది. నాకు ఇవతల పక్క అమ్మ పడుకుంటుంది. దోమతెర కడతాం.

వార్డు_సిస్టర్
అడగడం మంచిదైంది. ఆ మంచం మీద పాలివ్వొద్దు.

గుంట పడిన దూది పరుపు మీద నీ బరువుకి పరుపు నీ వైపు వాలుతుంది, పిల్ల దొర్లి నీ ఒంటికి అతుక్కుంటుంది. గోడ పక్కన సందు ఇంకా చెడ్డది. దిండ్లు కుక్కితే సందు మూసుకున్నట్టు కనబడుతుంది కానీ రాత్రి అవి కదులుతాయి. పిల్ల ఆ దిండుకీ గోడకీ మధ్యకి జారితే నీకు చప్పుడు కూడా వినబడదు.

నేల మీద పక్క వేసుకో. గట్టి కొబ్బరిపీచు పరుపు ఉంటే అది, లేకపోతే చాప మీద మడత పెట్టిన ఒక బొంత, దాని మీద బిగుతుగా దోపిన దుప్పటి. అరచేత్తో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. గోడలకి దూరంగా గది మధ్యలో వెయ్యి. నేల మీద నుంచి లేవడం కుట్లతో కష్టమవుతుంది. పక్కకి తిరిగి చేతుల మీద బరువు వేసి లే, అమ్మ చెయ్యి పట్టుకో. మరీ నొప్పైతే కొబ్బరిపీచు పరుపునే మంచం మీద వేసుకుని మంచాన్ని గోడ నుంచి బాగా జరపండి. అప్పుడు పిల్ల అంచు నుంచి పడకుండా చూసుకోవాలి, అందుకే నాకు నేలే ఇష్టం.

పాప ఉండే వైపు ఇంకెవరూ, ఏదీ ఉండకూడదు. నీకు ఒక దిండు, అది నీ తల కిందే. పాపకి దిండు లేదు, ఆవాలదైనా సరే. పెద్దమ్మ గారూ ఏమీ అనుకోకండి. చిన్నపిల్లల తల వెనకభాగం పెద్దది. దిండు పెడితే గడ్డం ఛాతీకి వంగి ఊపిరి దారి నొక్కుకుంటుంది. దుప్పటి నీ నడుము దాటి పైకి రానివ్వకు. భుజాలకి చలేస్తే ముందుకి బొత్తాలుండే మందపాటి చొక్కా వేసుకో. జడ గట్టిగా అల్లి ముడి వెయ్యి. మెడలో పొడుగాటి గొలుసు, నైటీకి వేలాడే తాళ్ళు ఉంటే రాత్రికి తీసెయ్యి. సూత్రాలు తియ్యడం ఇష్టం లేకపోతే వీపు వైపుకి వేసుకుని పిన్నీసు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, కానీ ఆ పిన్నీసు పిల్లకి తగలని చోట ఉండాలి. దోమతెర గుడ్డ ముఖం మీదకి వాలకుండా నాలుగు వైపులా బిగించి కట్టండి.

చిన్నూ_వాళ్ళమ్మ
మా బాబుకి తొమ్మిది నెలలండీ. రాత్రి పక్కలో పడుకుని పాలు తాగితేగానీ నిద్రపోడు, గంటకోసారి లేస్తాడు. ఇప్పుడు పళ్ళొచ్చి కొరుకుతున్నాడు కూడా. ఎలా మానిపించాలి?

వార్డు_సిస్టర్
అమ్మా, మీది వేరే విషయం, దానికి వేరే చర్చ పెట్టండి. తొమ్మిది నెలల బాబు దొర్లగలడు, ఇరుక్కుంటే తల తిప్పి విడిపించుకోగలడు, దుప్పటి లాగేసుకోగలడు. ఇక్కడ అడిగిన పాపకి అవేవీ రావు. నాలుగు నెలల లోపే ఈ ప్రమాదం ఎక్కువ.

నెల్లూరు_స్రవంతి
ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివే తల్లులందరికీ ఈ సలహా వర్తించదు. మా బాబు 34 వారాలకే పుట్టాడు, 1.8 కిలోలు. మా డాక్టర్ గారు పడుకుని పాలివ్వడమే కాదు, నేను నిద్రమత్తులో ఉన్నప్పుడు బాబుని నా పక్కలోకి తీసుకోవడమే వద్దన్నారు. నెల తక్కువ పిల్లలు, 2.5 కిలోల లోపు పుట్టినవాళ్ళు ఊపిరి ఇబ్బందైనా మేల్కోవడంలో వెనకబడతారట. రాత్రంతా మా అత్తయ్య నా పక్కన కూర్చుని, పాలవ్వగానే బాబుని తీసుకుని గట్టి తొట్టెలో పడుకోబెట్టేవారు. నిద్రపట్టేస్తుందేమోనని నన్ను మాటల్లో పెట్టేవారు. అంత ఓపిక ఎవరికుంటుంది, ఇప్పటికీ ఆవిడంటే నాకు ప్రాణం.

ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగేవాళ్ళున్నా పిల్లని పక్కలో వేసుకోవద్దని చెప్పారు. బయట తాగొచ్చినా అంతేనట.

జెర్సీ_నాన్న
నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం, మా అమ్మాయికి మూడు నెలలు. ఇక్కడ ఒకటే మాట చెబుతారు: పిల్ల మీ గదిలోనే ఉండాలి, మీ మంచం మీద కాదు. 2022లో వచ్చిన మార్గదర్శకాల్లోనూ అదే ఉంది, కనీసం ఆరు నెలలు. వెల్లకిలా, గట్టి సమతలమైన పక్క మీద, చుట్టూ దిండూ బొమ్మా లేకుండా. సిస్టర్ గారు చెప్పింది వింటుంటే పక్క బాగా సర్దుకుంటే నిద్రపోయినా ఫర్వాలేదన్నట్టు ఉంది. దీంతో నేను ఏకీభవించలేను.

మేం చేసేది చెబుతాను. నా భార్య పడుకునే పాలిస్తుంది. నా ఫోన్‌లో 20 నిమిషాలకి అలారం పెట్టుకుంటాను. మోగగానే నేను లేచి పాపని తీసుకుని, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చాక తొట్టెలో పడుకోబెడతాను. పాలిచ్చేది ఆమె, మేలుకునే బాధ్యత నాది. ఇది నడుస్తోంది.

వార్డు_సిస్టర్
ఫర్వాలేదని నేననలేదండీ. పాలవ్వగానే పిల్ల తన చోటికి వెళ్ళాలి, వెల్లకిలా. దాంట్లో మనకి తేడా లేదు. తేడా ఎక్కడంటే, మీ ఇంట్లో లేచే మనిషి మీరున్నారు. ఈ అమ్మాయికి సోమవారం నుంచి శుక్రవారం దాకా భర్త లేరు. "నిద్రపోకు" అని మాత్రమే చెబితే ఆమె మళ్ళీ సోఫాకే వెళుతుంది.

మీ అలారం పద్ధతి మాత్రం చాలా బాగుంది. అలారం తల్లి దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉండటం అందులో అసలు విషయం. నిద్రలో ఉన్న తల్లి అలారం ఆపేసి మళ్ళీ కళ్ళు మూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. బెజవాడ అమ్మాయీ, మీ అమ్మగారి ఫోన్‌లో పెట్టించు. 15 లేక 20 నిమిషాలు. మీ పాప ఎంతసేపు తాగుతుందో పగలు చూసుకుని దాన్ని బట్టి పెట్టుకో.

ఇంకొకటి. పిల్ల పెద్దగా ఏడ్చేదాకా ఆగకు. పెదవులు చప్పరించడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పడం మొదలవగానే తీసుకో. ఏడ్చి ఏడ్చి అలిసిన పిల్ల రొమ్ము పట్టుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు నీ మేలుకునే సమయంలోంచి పోయినట్టే.

రాజమండ్రి_పెద్దమ్మ
దిండు మాట ఒప్పుకుంటున్నాను, ఇది నాకు కొత్త సంగతి. చెవి మాట మాత్రం ఒప్పుకోను. మా పెద్దాడికి చెవి కారింది, మా తోడికోడలు కొడుక్కీ కారింది.

వార్డు_సిస్టర్
పెద్దమ్మ గారూ, మీరు చూసింది నిజమే అయ్యుంటుంది. చెవికీ గొంతు వెనకభాగానికీ మధ్య సన్నటి గొట్టం ఉంటుంది. పసిపిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి సీసా నోట్లో పెట్టి వదిలేసిన పిల్లల్లో పాలు గొంతు వెనక నిలిచి, చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువ రావడం ఉంది. రొమ్ము దగ్గర పిల్ల పక్కకి తిరిగి ఉంటుంది. తను చప్పరిస్తేనే పాలు వస్తాయి, వచ్చినవి మింగుతుంది. అసలు తల్లిపాలు తాగే పిల్లల్లో చెవి ఇన్ఫెక్షన్లు తక్కువ. బుగ్గ మీదుగా కారిన పాలు బయటి చెవిలోకి పోయినా కర్ణభేరి దాటి లోపలికి వెళ్ళవు. తడి గుడ్డతో తుడిస్తే చాలు. కొందరు పిల్లల డాక్టర్లు ఇప్పటికీ పడుకుని ఇవ్వొద్దనే అంటారు, అది నాకు తెలుసు. మీ ఇంటి పిల్లలకి ఎందుకు కారిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను.

బెజవాడ_కొత్తమ్మ
నేల మీద పక్క వేసుకున్నాం. ఇవాళ మధ్యాహ్నం అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పడుకుని ఇచ్చి చూశాను. రెండు ఇబ్బందులు. పాప నా మోచేతి వంపు మీద తల పెట్టుకుంటే ముక్కు రొమ్ముకి నొక్కుకుపోతోంది. వేలితో రొమ్ము వెనక్కి నొక్కి పట్టుకుంటే నోరు జారి ముచ్చిక చివర మాత్రమే పట్టుకుంటోంది, భరించలేని నొప్పి. పట్టినప్పుడు టక్ టక్ మని చప్పుడు కూడా వచ్చింది.

వార్డు_సిస్టర్
పగలు చూసుకోవడం మంచి పని చేశావు. కొన్నాళ్ళు పగలే చెయ్యి. చేతులకి అలవాటయ్యాక రాత్రి.

పిల్ల తల చేతి మీద పెట్టకు. తల ఎత్తుకి లేస్తుంది, గడ్డం కిందకి వంగుతుంది, ముక్కు ముందు తగులుతుంది. నువ్వు పూర్తిగా పక్కకి తిరిగి, మోకాళ్ళు కొంచెం మడిచి పడుకో. కింది చెయ్యి మడిచి నీ తల దిండు వైపుకి, పిల్ల తలకి పైన ఉంచు. ఆ చెయ్యి, మడిచిన మోకాళ్ళు రెండూ ఉంటే నీ ఒళ్ళు ముందుకి దొర్లడం కష్టం. కుట్ల మీద బరువు పడకుండా నీ మోకాళ్ళ మధ్య, వీపు వెనక మడత దుప్పటి పెట్టుకోవచ్చు. అవి పిల్ల వైపు రాకూడదు.

పాపని నేరుగా పరుపు మీదే నీ వైపు పక్కకి తిప్పి పడుకోబెట్టు, పొట్టకి పొట్ట ఆనేలా. నోరు కాదు, ముక్కు ముచ్చికకి ఎదురుగా ఉండాలి. అంటే నువ్వనుకున్న దానికన్నా పాప కొంచెం కిందకి, నీ కాళ్ళ వైపు ఉంటుంది. ముచ్చికతో పై పెదవి తాకించి ఆగు. పెద్దగా నోరు తెరుస్తూ తల వెనక్కి వంచుతుంది. ఆ క్షణంలో భుజాల వెనక నీ పై చేత్తో దగ్గరకి లాగు. తల వెనక చెయ్యి పెట్టి నొక్కకు. గడ్డం ముందు రొమ్ముకి తగలాలి.

ఇలా పట్టుకున్నాక కూడా ముక్కు తగిలితే రొమ్ము నొక్కొద్దు, పాప పిర్రలు నీ వైపు లాగు. అలా లాగితే తల దానంతటదే కాస్త వెనక్కి వాలి ముక్కు తేలుతుంది. టక్ టక్ చప్పుడంటే పట్టు చాలలేదని. చిటికెన వేలు నోటి మూల నుంచి పెట్టి విడిపించి మళ్ళీ పట్టించు. నొప్పి ఓర్చుకుంటూ కొనసాగించకు.

పిల్ల వీపు వెనక తువ్వాలు చుట్ట పెట్టమని కొందరంటారు. మెలకువగా ఉన్నప్పుడు పగలు సరే. రాత్రి నీ చెయ్యే చాలు. చుట్ట పెట్టి మరిచిపోతే అదే ముఖం మీదకి వస్తుంది.

మెడికల్_షాపు_రవి
నేను ఫార్మసిస్టుని. అక్కా, ఒక సంగతి ఎవరూ అడగలేదు. రాత్రి ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా? జలుబుకి, దురదకి వేసుకునే సిట్రజిన్ లాంటివి మత్తుగా ఉంచుతాయి. ఆపరేషన్ నొప్పికి కొందరికి ట్రమడాల్ రాస్తారు. పాలిచ్చే తల్లులకి అది వద్దని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది, ఎందుకంటే తల్లికే కాదు, పాల ద్వారా బిడ్డకీ మత్తొచ్చి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మత్తు తెచ్చే ఏ మాత్రైనా వేసుకున్న రాత్రి పడుకుని పాలివ్వొద్దు. నొప్పికి మీ డాక్టర్ గారిని అడిగి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి రాయించుకోండి.

బెజవాడ_కొత్తమ్మ
రవి గారూ, జలుబు మాత్ర రాత్రి వేసుకుంటూనే ఉన్నాను, డాక్టర్ రాసిందే. రేపు ఫోన్ చేసి అడుగుతాను. ఈ రాత్రికి వేసుకోను.

పిర్రలు లాగడం పనిచేసింది సిస్టర్ గారూ! ముక్కు తేలింది, నొప్పి కూడా లేదు. ఇప్పుడు ఇంకో సందేహం. ఒక పక్క అయ్యాక రెండో రొమ్ము ఇవ్వడానికి పాపని మీదుగా దాటించి అటు తిరగాలా? అటు తిరిగితే అమ్మ వైపు వస్తుంది.

వార్డు_సిస్టర్
తిరగొద్దు. ఒక రొమ్ము పూర్తిగా తాగించి ఆపు. మళ్ళీ లేచినప్పుడు రెండోది. అప్పుడు నువ్వు పక్కకి ఆ చివర, పాప ఈ చివర ఉండేలా మారండి, అమ్మ లేచి చోటు మార్చుకోవాలి. ఏ రాత్రైనా నీకూ పాపకీ మధ్య, పాపకి అవతలా మనిషి ఉండకూడదు. పై రొమ్ము వంగి ఇచ్చేవాళ్ళు ఉన్నారు కానీ అలా ఇస్తే నీ ఛాతీ బరువు పిల్ల మీదకి వాలుతుంది. నిద్రమత్తులో అది చెయ్యకు.

బెజవాడ_కొత్తమ్మ
నాలుగైదు రోజులుగా రాత్రి కూడా ఇలాగే చేస్తున్నాం. పాప చప్పరించడం మొదలెట్టగానే అమ్మని లేపుతాను. తను ఫోన్‌లో 20 నిమిషాలు పెట్టుకుని, చిన్న జీరో లైటు వేసుకుని కూర్చుంటుంది. మోగగానే నా దగ్గర నుంచి పాపని తీసుకుని తన చాప పక్కనున్న గట్టి తొట్టెలో వెల్లకిలా పడుకోబెడుతుంది. నేను ఒకసారి మాత్రం అలారానికి ముందే కునుకు తీశాను, అమ్మ లేపింది. సిట్రజిన్ ఆపమన్నారు డాక్టర్.

నిన్న ఆరు వారాల చెకప్‌కి వెళ్ళి ఇదంతా చెప్పాను. డాక్టర్ గారు నేల పక్క బాగుందన్నారు, అమ్మ ఉండటం బాగుందన్నారు. పడుకుని ఇవ్వడం మాత్రం తనకిష్టం లేదని, ఓపికుంటే మూడో నెల దాకా కూర్చునే ఇవ్వమన్నారు. ఎవరూ పక్కన లేని రోజు మాత్రం అసలు వద్దన్నారు.

జెర్సీ_నాన్న
మీ డాక్టర్ గారి వైపే ఉన్నాను నేను. మీ అమ్మగారు వెళ్ళిపోయి మీరు హైదరాబాద్ వెళ్ళాక ఎలా చేస్తారు? మీ వారు లేచే రకమేనా?

బెజవాడ_కొత్తమ్మ
ఈ శనివారం ఆయన చేత చేయించి చూడాలి. రెండు గంటల వంతు ఆయనకే ఇస్తాను.

వార్డు_సిస్టర్
చేయించు, నువ్వు లేపకుండా అలారానికే లేస్తున్నారో లేదో చూడు. మందు తాగిన రాత్రి, నైట్ షిఫ్ట్ చేసొచ్చిన రాత్రి ఆయన్ని లెక్కలోకి తీసుకోకు. ఆ రాత్రి లైటు వేసి గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని ఇవ్వు, కళ్ళు మూతలు పడుతున్నాయనిపిస్తే పాప తాగుతున్నా సరే విడిపించి తొట్టెలో పెట్టెయ్యి. కాసేపు ఏడ్చినా ఏమీ కాదు, లేచి నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని మళ్ళీ తీసుకో.